మీటరు ఆగింది, బిల్లు ఆగలేదు

ఇవ్వాళ నల్లా బిల్లు ముచ్చట చెప్పుకుందాం. మా జగిత్యాల వాళ్లు వెంటనే అడుగుతారు, “మనకు నల్లాకు మీటరెక్కడిది?” అని. నిజమే. జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్లలో మామూలు ఇండ్లకు నల్లా బిల్లంటే నెలకింత అని కట్టేసే ఒక అంకె. నీళ్లు పట్టుకున్నవాడికీ అంతే, పట్టుకోనివాడికీ అంతే. మీటరుతో గొడవంటే మనకు గుర్తొచ్చేది కరెంటే.

కానీ మన ఇండ్లు ఇప్పుడు ఒక్క ఊర్లో లేవు కదా. సిరిసిల్ల పిల్లలు కూకట్‌పల్లిలో ఉంటున్నారు, జగిత్యాల పిల్లలు ఉప్పల్‌లో కిరాయికి ఉంటున్నారు. కోరుట్ల నుంచి గల్ఫ్ పోయినవాళ్లలో కష్టపడి కూడబెట్టి పట్నంలో ఇల్లు కొన్నవాళ్లున్నారు. అక్కడ నల్లాకు మీటరుంది. ఆ మీటరు ఆగిపోతేనో, గేటుకు తాళం ఉంటేనో, రీడింగు తీసేవాళ్లు ‘సగటు’ వేసి బిల్లు పంపుతారు. ఫోను వస్తుంది ఇక్కడికి. “బాపూ, నెలనెలా ఒకే తీరు బిల్లొస్తుంది, ఏం చెయ్యమంటవ్?” అని. ఏం చెయ్యాలో సాఫీగా చెప్పుకుందాం, కాగితం కలం దగ్గర పెట్టుకోండి, కొంచెం లెక్క ఉంది.

హైదరాబాద్‌లో ఈ సంగతికి ఇంత బరువు రావడానికి కారణం ఉచిత నీళ్ల పథకం. 2021 జనవరి 12న అప్పటి మున్సిపల్ మంత్రి, మన సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆర్ రహమత్‌నగర్‌లో దాన్ని మొదలుపెట్టారు. ఇంటికి నెలకు 20 వేల లీటర్లు, అంటే 20 కిలోలీటర్లు ఉచితం. బస్తీలను వదిలితే మిగతా ఇండ్లకు షరతులు రెండు. నల్లా కనెక్షన్‌కు ఆధార్ జోడించాలి, మీటరు ఉండాలి. ఉండటమంటే గోడకు వేలాడటం కాదు, తిరుగుతూ ఉండాలి. అపార్ట్‌మెంట్ అయితే ఫ్లాటుకు 20 చొప్పున లెక్క కట్టి మొత్తం మీటరు రీడింగులోంచి తీసేస్తారు, ఆధార్ జోడించిన ఫ్లాట్లకు మాత్రమే.

ఇప్పుడు సగటు దెబ్బ ఎక్కడ తగులుతుందో చూడండి. నలుగురున్న ఇల్లు నెలకు 18 కిలోలీటర్లు వాడుతుందనుకోండి. 20 లోపే కాబట్టి నీళ్లకు ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు. అదే ఇంటికి 30 కిలోలీటర్ల సగటు వేస్తే పది కిలోలీటర్లకు డబ్బు పడుతుంది. వాడకం పెరిగినకొద్దీ కిలోలీటరు ధర మెట్టుమెట్టుగా పెరుగుతుంది, మురుగునీటి సెస్సు నీళ్ల చార్జీ మీద శాతంగా పడుతుంది. కాబట్టి సగటులో తప్పు ఒక్కచోట ఆగదు, కింద వరుసలన్నిటికీ పాకుతుంది.

సగటు ఎందుకు తప్పుతుంది? అది ఏ నెలలదన్నదే అసలు సంగతి. ఎండాకాలం సెలవులకు చెల్లెలి పిల్లలొచ్చి నెలన్నర ఉన్నారు, కూలర్లో నీళ్లు పోశారు, రోజూ వాకిలి తడిపారు. ఆ నెలల రీడింగులు తీసుకొని వానకాలానికి అంటగడితే ఇల్లు వాడనంత నీళ్లు కాగితం మీద వాడినట్టవుతుంది. కిరాయిదార్లు మారితే ఇంకా తేడా. పోయినవాళ్లు ఏడుగురు, వచ్చినవాళ్లు ఇద్దరు, సగటు మాత్రం ఏడుగురిదే నడుస్తుంటుంది.

కరెంటు సంగతి చెప్పి మళ్లీ నీళ్లలోకి వస్తాను. సిరిసిల్లకు 1970 నుంచి కరెంటిచ్చేది సొంత సహకార సంఘం, సెస్. జగిత్యాల, కోరుట్లకు ఉత్తర డిస్కం. ఎవరైనా సరే, మీటరు చెడితే ఏ లెక్కన బిల్లు వేయాలో విద్యుత్ నియంత్రణ మండలి రాసిపెట్టింది. మీటరు చెడిన నెలకు ముందున్న మూడు బిల్లింగుల సగటు తీసుకోవాలి, అదీ అప్పటి వాడకం పరిస్థితులు ఇప్పటిలాగే ఉంటేనే. ఈ చివరి మాట బంగారం లాంటిది. నీళ్లకు అలాంటి నియంత్రణ మండలి మన రాష్ట్రంలో లేదు. అందుకే నీళ్ల బిల్లు మీద దరఖాస్తు రాసేటప్పుడు ఈ న్యాయాన్నే మనం నోరు తెరిచి అడగాలి. “మీరు తీసుకున్న సగటు ఏ నెలలది? అప్పుడు ఇంట్లో ఎందరు, ఇప్పుడెందరు?” అని.

సరే, బిల్లు చేతిలోకి తీసుకోండి. మొత్తం ఎంతో చూసి కళ్లు తిప్పేయకండి. అందులో గత రీడింగు, ప్రస్తుత రీడింగు అని రెండు అంకెలుంటాయి, పక్కనే మీటరు స్థితి ఉంటుంది. రెండు రీడింగులూ ఒకటే అయి, యూనిట్లు మాత్రం పడ్డాయంటే అది సగటు బిల్లు. మూడు నెలలు వరుసగా అచ్చం ఒకే యూనిట్లు పడ్డా సగటేమోనని అనుమానించాలి, ఎందుకంటే ఇంటి వాడకం మూడు నెలలూ ఒకే తీరుగా ఉండడం అరుదు. స్థితి దగ్గర మీటరు పనిచేయడం లేదని రాసి ఉందా, తాళం ఉందని రాసి ఉందా అన్నది తప్పక చూడండి. రెండూ సగటు బిల్లులే, కానీ మందులు వేరు.

తర్వాత మీటరు దగ్గరికి పోండి. గేటు పక్క గుంటలో ఉంటుంది, మూత తీస్తే గాజు మీద మట్టి ఉంటుంది. తడిగుడ్డతో తుడవండి. నల్ల అంకెలు కిలోలీటర్లు. ఎర్ర అంకెలో, చిన్న ఎర్ర ముళ్లో కనిపించేవి లీటర్ల లెక్క. బిల్లుకు నల్లవే తీసుకుంటారు. మధ్యలో చిన్న చక్రం ఒకటి ఉంటుంది, నీళ్లు ఏ కాస్త పారినా అది తిరుగుతుంది. నల్లా వచ్చే టైముకు దాన్ని చూడండి. నీళ్లు సంపులోకి పడుతున్నా చక్రం కదలడం లేదంటే మీటరు ఆగినట్టే. ఇసుకో, తుప్పు రజనో లోపలి జల్లెడలో ఇరుక్కొని ఉండొచ్చు, లోపలి రెక్క అరిగి ఉండొచ్చు. చక్రం తిరుగుతోంది కానీ గాజు లోపలి పక్క ఆవిరి పట్టి అంకెలు కనబడడం లేదంటే మీటరు బాగానే ఉంది, చదవడానికే వీల్లేదు. అంకెలు కనబడవు కాబట్టి రీడింగు తీసేవాళ్లు సగటు వేసిపోతారు. ఇలాంటి మీటరును పనిచేయనిదిగా రాయించుకోవద్దు. పొద్దున ఎండ పడ్డప్పుడు ఫోన్ లైటు పక్కనుంచి వేసి చూస్తే అంకెలు దొరికే అవకాశం ఉంది, ఫొటో తీసుకోండి.

మూడో రకం కూడా ఉంది. మీటరు తిరుగుతుంది, మరీ ఎక్కువ తిరుగుతోందని అనుమానం. పట్నంలో చాలా చోట్ల నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. మధ్యలో పైపు ఖాళీ అయి గాలి నిండుతుంది. నల్లా విడిచినప్పుడు ముందు ఆ గాలి బుస్సుమని మీటరులోంచి దూసుకుపోతూ చక్రాన్ని తిప్పుతుంది. అది నీళ్ల లెక్కలోకే పోతుంది.

దీన్ని పరీక్షించడానికి సంపే చాలు. ముందురోజు మోటారు నడిపి సంపు కొంత ఖాళీ చేసుకోండి. నల్లా రాకముందు పొడి కర్ర నిలువుగా ముంచి తడి ఎక్కడిదాకా ఉందో గీత పెట్టండి, మీటరు ఫొటో తీయండి. నీళ్లు పట్టేంతసేపు మోటారు వేయొద్దు, సంపులోంచి బకెట్ కూడా తోడొద్దు, నల్లా నీళ్లు సంపులోకి తప్ప వేరే ఎక్కడికీ పోవద్దు. నీళ్లు బందయ్యాక మళ్లీ కర్ర, మళ్లీ ఫొటో. సంపు లోపలి కొలత ఆరడుగుల పొడుగు, ఐదడుగుల వెడల్పు అనుకుందాం. నీళ్లు అడుగు ఎత్తు పెరిగాయి. ఆరైదుల ముప్పై, 30 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్లు, మొత్తం 850 లీటర్ల దగ్గర. మీటరు కూడా 0.85 దగ్గర ముందుకు జరగాలి. కర్ర కొలతలో కొంచెం అటూఇటూ ఉంటుంది, మంచి మీటరుకు కూడా మామూలు ప్రవాహం మీద రెండు శాతం తేడాకు ప్రమాణాలే ఒప్పుకుంటాయి. అందుకని 870 చూపిస్తే గొడవ పెట్టుకోవద్దు. 1,150 చూపిస్తే మాత్రం ఇంకో రెండు నీళ్ల రోజులు అదే పరీక్ష చేసి, మూడు రోజుల కొలతలూ కాగితం మీద రాసి మీటరు పరీక్షకు దరఖాస్తు పెట్టండి.

ఈ పరీక్షకు ముందు ఇంకొకటి చూసుకోవాలి. ఇంట్లో నల్లాలన్నీ కట్టేసి, సంపులోకి పోయే వాల్వు మూసేసి, నీళ్ల టైములో చక్రం చూడండి. అప్పుడూ తిరుగుతుంటే మీటరుకూ సంపుకూ మధ్య పైపు కారుతోంది. అది ఇంటివాళ్ల పైపే, ఆ బిల్లు మాఫీ కాదు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. బిల్లు సరిచేయించుకునే దగ్గర చాలామంది నష్టపోయేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

తాళం సంగతి ముందు. ఫిబ్రవరి ఆఖరుకు మీటరు చదివినప్పుడు అసలు రీడింగు 412. మార్చి, ఏప్రిల్, మే, మూడు నెలలూ గేటుకు తాళం ఉంది, నెలకు 30 చొప్పున సగటు వేశారు. మొత్తం 90. అందులో ఉచితం 60 పోను 30 కిలోలీటర్లకు డబ్బు కట్టించుకున్నారు. జూన్ ఆఖరుకు మనిషి ఇంట్లో ఉన్నాడు, మీటరు చదివారు, 484. అంటే నాలుగు నెలలకు వాడింది 72, నెలకు 18. నాలుగు నెలల ఉచితం 80. కట్టాల్సిన నీళ్ల చార్జీ సున్నా. ముందు కట్టిన 30 కిలోలీటర్ల డబ్బు వెనక్కి జమ కావాలి.

ఇది రెండు తీర్లుగా తప్పుతుంది. ఒకటి, మొత్తం 72ను జూన్ ఒక్క నెల వాడకంగా ఎక్కించడం. అప్పుడు ఒక్క నెల ఉచితం 20 పోయి 52 కిలోలీటర్లకు బిల్లు పడుతుంది, పైగా పై మెట్టు ధరల్లో. చూడ్డానికి సరైన రీడింగే కదా అని మనమూ నోరు మూసుకుంటాం. రెండు, లెక్క పుస్తకంలో గత రీడింగును 412 దగ్గర ఉంచకుండా సగటు కలుపుతూ 502 దాకా జరిపేయడం. అప్పుడు అసలు మీటరు 484 చూపిస్తే వెనక్కి నడిచినట్టు కనబడుతుంది. వెనక్కి నడిచే మీటరుండదు కాబట్టి చెడిపోయిందని రాసి మళ్లీ సగటే వేస్తారు. బాగున్న మీటరు కాగితం మీద చెడిపోతుంది.

అందుకని దరఖాస్తులో “బిల్లు ఎక్కువొచ్చింది, తగ్గించండి” అని రాస్తే సరిపోదు. రాయాల్సింది ఇది: “చివరి అసలు రీడింగు ఫలానా తేదీన 412. ఇప్పటి అసలు రీడింగు ఫలానా తేదీన 484. తేడా 72ను నాలుగు నెలలకు సమానంగా పంచి, ఏ నెలకు ఆ నెల ఉచిత కోటా తీసేసి, మార్చి నుంచి జూన్ దాకా బిల్లులు మళ్లీ లెక్కగట్టండి. ఎక్కువ కట్టింది రాబోయే బిల్లుల్లో జమ చేయండి.” ఇంతకన్నా పెద్ద ఉత్తరం అక్కర్లేదు. నెలలవారీగా పంచాలన్న మాటే దీనికి ప్రాణం.

మీటరు నిజంగానే ఆగిపోతే దారి వేరు, వెనకటి అసలు వాడకం ఇక ఎవరికీ తెలియదు. కొత్త మీటరు పెట్టించాలి. పెట్టించే రోజు పాత మీటరు ఆగిన అంకె, దాని నంబరు, కొత్త మీటరు నంబరు, మొదటి రీడింగు, ఈ నాలుగూ ఫొటోల్లో ఉండాలి. మీటరు మీది బాణం నీళ్లు పారే దిక్కుకే ఉందా చూసుకోండి. ఆ తర్వాత రెండు మూడు నెలలు ఓపిక పట్టండి. కొత్త మీటరు రెండు నెలల్లో 34 తిరిగిందనుకోండి, నెలకు 17. ఇంట్లో మనుషులు అంతే ఉన్నారు, నీళ్లు వచ్చే తీరు అంతే ఉంది అని చూపించి, సగటు వేసిన నెలలకూ 17 చొప్పున మార్చమని అడగాలి. ఇది హక్కుగా వచ్చేస్తుందని చెప్పను, ఆఫీసరు ఒప్పుకోవాలి. అయితే ఊరికే వాదించేవాడి మాటకన్నా పనిచేసే మీటరు చూపిన రెండు నెలల అంకెకు బలం ఎక్కువ. కొత్త మీటరు 28 తిరిగితే అదీ ఒప్పుకోవాల్సిందే.

దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలి? బిల్లు మీద క్యాన్ నంబరుంటుంది, అది లేకుండా ఏ పనీ కదలదు. జలమండలి కస్టమర్ కేర్ 155313కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఆ నంబరు వేసి ఉత్తరం, బిల్లుల నకళ్లు, మీటరు ఫొటోలు కలిపి మీ ఏరియా సెక్షన్ మేనేజర్‌కు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ముద్ర లేని దరఖాస్తు ఇవ్వనట్టే లెక్క. ఫొటోలో మీటరు నంబరు, అంకెలు రెండూ కనబడాలి, తేదీ ఫోనే దాచుకుంటుంది. అక్కడ కదలకపోతే పైన డీజీఎం, ఆపైన జీఎం ఉన్నారు.

ఈలోగా బిల్లు కట్టాలా వద్దా? “నాయం తేలేదాకా కట్టను” అని కూర్చుంటే బకాయి మీద వడ్డీ పెరుగుతుంది, కనెక్షన్ దాకా వస్తుంది. ఒప్పుకున్నంత కట్టి, మిగతాదాని మీద అభ్యంతరం ఉందని రాతలో ఇవ్వడం మేలు. మొత్తం కట్టాల్సి వస్తే “అభ్యంతరంతో కడుతున్నాను” అని దరఖాస్తులో ఒక వాక్యం ఉంటే చాలు, కట్టినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు.

గల్ఫ్‌లో ఉన్న తమ్ముళ్లకు ఒక మాట. తాళం వేసిన ఇంటికి ఏ నీళ్లూ వాడకుండా సగటు పడుతూ పోతే మీరు తిరిగొచ్చేసరికి కుప్ప అవుతుంది. పోయే ముందు మీటరు ఫొటో తీసి, ఇల్లు ఫలానా తేదీ నుంచి ఖాళీ అని రాతలో ఇవ్వండి. గేటు బయటినుంచి మీటరు కనబడేలా పెట్టించండి, లేదంటే పక్కింటివాళ్ల దగ్గర తాళం చెవి ఉంచండి.

ఆఫీసు వాళ్లు సగటు ఎక్కడిదో చెప్పకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. “నా క్యాన్ నంబరుకు గత రెండేండ్లలో నెలనెలా నమోదైన రీడింగు, మీటరు స్థితి, సగటుకు తీసుకున్న నెలలు” అని అడగండి. ఆ కాగితం వస్తే సగం పని అయినట్టే, ఎందుకంటే 412 ఎక్కడ 502గా మారిందో అందులో కనబడుతుంది. అప్పటికీ తేలకపోతే వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక ఫిర్యాదు చేసేవాళ్లు తాము ఉండే చోట కూడా కేసు వేయొచ్చు. ఇల్లు పట్నంలో ఉన్నా, కనెక్షన్ మీ పేరు మీద ఉండి మీరుండేది జగిత్యాలలో అయితే హైదరాబాద్ తిరగనక్కర్లేదు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు వ్యవహారాలకు ఫీజు లేదు. రెండేండ్ల లోపు వేయాలి, ఆ గడువు మాత్రం మరువొద్దు.

పైపు గ్యాసు గురించి కూడా అడుగుతారు కాబట్టి రెండు మాటలు. అక్కడ కొలత ఘనపు మీటర్లలో, మీటరు వంటింట్లోనో బాల్కనీలోనో ఉంటుంది, అందుకే తాళం సగటులు పడుతుంటాయి. నీళ్లకున్నట్టు ఉచిత కోటా లేదు కాబట్టి తర్వాతి అసలు రీడింగుతో లెక్క చాలావరకు సరిపోతుంది. మధ్యలో గ్యాసు ధర మారితేనే తేడా వస్తుంది, అప్పుడు ఏ ధరకు ఎన్ని యూనిట్లు వేశారో అడగండి. నల్ల అంకెలే రాయాలి, చుక్క తర్వాతి ఎర్ర అంకెలు కలిపి రాస్తే వెయ్యి రెట్ల బిల్లు వస్తుంది. ఇంకొకటి, గ్యాసు మీటరును మనం విప్పొద్దు, తట్టొద్దు. అనుమానముంటే కంపెనీ మనిషినే పిలవాలి.

పట్నంలో ఉన్న మీ పిల్లలకు ఈరోజే ఫోన్ చేసి, నల్లా మీటరు ఫొటో ఒకటి పంపమనండి. దాని అంకెనూ పోయిన నెల బిల్లు మీది ప్రస్తుత రీడింగునూ పక్కపక్కన పెట్టి చూడండి. మీటరు అంకె బిల్లు అంకె కన్నా తక్కువుంటే ఆలస్యం చేయకుండా 155313కు ఫోన్ చేయమని చెప్పండి.